డిగ్రీ పూర్తయిన తేదీ కలవలేదని మెయిల్ వస్తే: వివరణ రాయడం ఎలా?

"మీరు ఇచ్చిన డిగ్రీ పూర్తయిన తేదీకీ, యూనివర్సిటీ ధృవీకరించిన తేదీకీ తేడా ఉంది. వివరణ పంపగలరు." బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ నడుస్తుండగా హెచ్‌ఆర్ నుంచి ఇలాంటి మెయిల్ వస్తే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. ఆఫర్ పోయిందేమో అన్న ఆలోచనే ముందు వస్తుంది. ఆ కంగారులో రాసిన జవాబు చాలాసార్లు అసలు తేడా కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ముందు ఆ మెయిల్ ఎలా పుట్టిందో చూడండి. వెరిఫికేషన్ ఏజెన్సీ మనిషి మీ ఫామ్‌లోని నెల, సంవత్సరం పక్కన యూనివర్సిటీ పంపిన నెల, సంవత్సరం పెట్టి చూస్తారు. రెండూ ఒకటి కాకపోతే "డిస్క్రెపెన్సీ" అని రాసి మీ కంపెనీకి పంపుతారు. అక్కడితో వాళ్ల పని అయిపోతుంది. మీరు అబద్ధం చెప్పారా, పొరపాటు పడ్డారా అన్నది తేల్చడం ఏజెన్సీ పని కాదు. ఉద్యోగం విషయంలో నిర్ణయం కంపెనీది. కాబట్టి మీ జవాబు చదివే మనిషి దాదాపు ఎప్పుడూ హెచ్‌ఆర్‌లోని ఒకరే. వాళ్ల ముందు ఇలాంటి ఫైళ్లు ఇంకా ఉంటాయి. మీ వివరణను ఫైల్‌లో పెట్టి, కేసు మూసేయడానికి అవసరమైన కారణం వాళ్లకు కావాలి. అది ఇవ్వడమే మీ జవాబు చేయాల్సిన పని.

మొదటి గంటలో చేయాల్సింది

పూర్తి వివరణ వెంటనే రాయకండి. మెయిల్ అందిందని మాత్రం అదే రోజు చెప్పండి:

> మీ మెయిల్ అందింది. నా మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూసుకుని రేపు సాయంత్రం లోపు పత్రాలతో సహా వివరణ పంపుతాను.

ఇంతే చాలు. అవతలివాళ్లకు మీరు తప్పించుకోవడం లేదని తెలుస్తుంది, మీకు ఒక రోజు సమయం దొరుకుతుంది. హెచ్‌ఆర్ గడువు ఇచ్చి ఉంటే మీరు చెప్పే సమయం దానికి లోపలే ఉండాలి. పత్రాలు సొంత ఊళ్లోనో, కాలేజీలోనో ఉండిపోయి సమయం చాలదనిపిస్తే, ఏ పత్రం ఎక్కడుందో, ఏ తేదీకి తెప్పించగలరో ఈ చిన్న మెయిల్‌లోనే చెప్పి గడువు అడగండి. గడువు దాటాక అడిగితే అదే మాట సాకులా వినిపిస్తుంది.

దీంతోపాటు ఇంకో ప్రశ్న అడగాల్సి రావచ్చు. మెయిల్‌లో రెండు తేదీలూ లేకపోతే, "నా ఫామ్‌లో ఉన్న తేదీ ఏది, యూనివర్సిటీ నుంచి వచ్చిన తేదీ ఏది అన్నది తెలియజేయగలరా?" అని అడగండి. దేనికి జవాబు చెబుతున్నారో తెలియకుండా రాస్తే, వాళ్లు అడగని ఇంకో తేడాను మీరే బయటపెట్టే అవకాశం ఉంది. లేదా అసలు ప్రశ్నకు జవాబే ఇవ్వకుండా పోతుంది.

ఒక డిగ్రీకి ఎన్ని తేదీలు?

తేడా ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. ఒకే డిగ్రీకి కనీసం నాలుగు తేదీలు ఉంటాయి. చివరి పరీక్ష రాసిన నెల ఒకటి. ఫలితాలు వచ్చిన రోజు ఇంకొకటి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద వేసిన తేదీ మూడోది. స్నాతకోత్సవంలోనో, ఆ తర్వాతో ఇచ్చే ఒరిజినల్ డిగ్రీ మీది తేదీ నాలుగోది. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఏడాది పైగా దూరం ఉన్నా అందులో వింతేమీ లేదు.

ఫామ్‌లో "కంప్లీషన్ డేట్" అని ఒకే గడి ఉంటుంది. దాన్ని చూసి ఒకరు క్లాసులు అయిపోయిన నెల రాస్తారు, ఇంకొకరు గోడకు తగిలించిన ఒరిజినల్ డిగ్రీ చూసి రాస్తారు. యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచ్ మాత్రం తన రిజిస్టర్‌లో ఉన్నది చెబుతుంది. చాలా చోట్ల అది "పాసైన నెల, సంవత్సరం", అంటే డిగ్రీకి కావలసిన చివరి సబ్జెక్టు పాసైన పరీక్ష ఏ నెలదో ఆ నెల. ఫలితాలు రెండు నెలలు ఆగి వచ్చినా మెమో మీద పరీక్ష నెలే ఉండటం మామూలే.

అందుకని ఒక తెల్లకాగితం తీసుకుని ఈ నాలుగు తేదీలూ వరుసగా రాయండి. ప్రతి తేదీ పక్కన అది ఏ పత్రం మీద ఉందో రాయండి. గుర్తున్నదాన్ని బట్టి వద్దు, పత్రం చూసే రాయండి. కింద ఇంకో రెండు లైన్లు: మీరు ఫామ్‌లో రాసిన తేదీ, యూనివర్సిటీ చెప్పిన తేదీ. ఈ రెండూ పై నాలుగింటిలో దేనితో కలుస్తున్నాయో చూస్తే మీ కేసు ఏ రకమో తెలిసిపోతుంది.

రెండూ కలిశాయి, కానీ వేర్వేరు తేదీలతో కలిశాయి అనుకోండి. ఉదాహరణకు మీరు స్నాతకోత్సవం తేదీ రాశారు, వాళ్లు పరీక్ష నెల చెప్పారు. ఇది తేలిక కేసు. రెండు వాక్యాల వివరణ, రెండు పత్రాలు పంపితే చాలు. మీరు రాసిన తేదీ దేనితోనూ కలవకపోతే మీ ఫామ్‌లో తప్పు ఉన్నట్టు. యూనివర్సిటీ చెప్పినది దేనితోనూ కలవకపోతే వాళ్ల రికార్డులోనో, టైపింగ్‌లోనో తప్పు ఉండవచ్చు. దాని సంగతి చివర్లో చెబుతాను.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది బ్యాక్‌లాగ్ ఉన్న కేసు. దాన్నే వివరంగా చూద్దాం, ఎందుకంటే దాచాలన్న ఆలోచన వచ్చేది అక్కడే.

ఒక కేసు, మొదటి నుంచి చివరి దాకా

ఒక అమ్మాయి ఉందనుకుందాం. చివరి సెమిస్టర్ పరీక్షలు 2019 మేలో రాసింది. ఒక సబ్జెక్టు పోయింది. అదే ఏడాది నవంబర్‌లో సప్లిమెంటరీ రాసి పాసయ్యింది. ఫలితం 2020 జనవరిలో వచ్చింది, ప్రొవిజనల్ ఫిబ్రవరిలో చేతికొచ్చింది. ఈలోగా 2019 ఆగస్టులోనే ఒక చిన్న సంస్థలో ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు కొత్త కంపెనీ ఫామ్‌లో డిగ్రీ పూర్తయింది మే 2019 అని రాసింది. యూనివర్సిటీ నవంబర్ 2019 అని చెప్పింది.

ఆరు నెలల తేడా. సంవత్సరం ఒకటే కాబట్టి సంవత్సరం మాత్రమే అడిగిన ఫామ్ అయితే ఇది బయటికే వచ్చేది కాదు. కానీ ఇక్కడ నెల కూడా అడిగారు. పైగా ఆ ఆరు నెలల మధ్యలో ఆగస్టు ఉంది. అంటే డిగ్రీ పూర్తికాక ముందే ఉద్యోగంలో చేరినట్టు. హెచ్‌ఆర్ మనిషి ఈ లెక్క కచ్చితంగా వేస్తారు, రెండు తేదీలూ అదే ఫామ్‌లో ఉన్నాయి కదా.

కంగారులో ఆమె రాసిన మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉందనుకోండి:

> మేడమ్, నేను చాలా నిజాయితీగా ఉండే మనిషిని. ఇది చాలా చిన్న తేడా మాత్రమే. అప్పట్లో ఇంట్లో పరిస్థితులు బాగాలేక చదువు మీద దృష్టి పెట్టలేకపోయాను. మా కాలేజీ వాళ్లు కూడా మెమోలు చాలా ఆలస్యంగా ఇచ్చారు. మీ ఫామ్‌లో కూడా ఏ తేదీ రాయాలో సరిగ్గా లేదు. ఈ ఉద్యోగం నాకు చాలా ముఖ్యం. దయచేసి అర్థం చేసుకోండి.

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాకపోవచ్చు. అయినా చదివినవాళ్లకు అసలు సంగతి తెలియదు. సప్లిమెంటరీ అన్న మాటే లేదు. ఏ తేదీ సరైనదో లేదు. "చిన్న తేడా" అన్నారు, చిన్నదా పెద్దదా అన్నది నిర్ణయించేది అవతలివాళ్లు. కాలేజీ మీద ఒక మాట, ఫామ్ మీద ఒక మాట పడ్డాయి. ఇంటి పరిస్థితుల గురించి చదివి హెచ్‌ఆర్ మనిషి జాలిపడవచ్చు గానీ, దాన్ని ఫైల్‌లో కారణంగా రాసుకోలేరు. మీరు రాసేటప్పుడూ ఇలాంటి డ్రాఫ్ట్ వస్తే రానివ్వండి, మనసు తేలికపడుతుంది. మెయిల్‌లో మాత్రం కాదు, వేరే నోట్‌లో రాయండి. అడ్రస్ గడి ఖాళీగా ఉండాలి.

కాసేపు ఆగి, కాగితం మీద తేదీలు పెట్టుకుని రాసిన జవాబు ఇది:

> విషయం: కేసు నంబరు ____, డిగ్రీ పూర్తయిన తేదీపై వివరణ
>
> మేడమ్, నమస్కారం.
>
> జాయినింగ్ ఫామ్‌లో నేను డిగ్రీ పూర్తయిన తేదీని మే 2019 అని రాశాను. యూనివర్సిటీ ధృవీకరించినది నవంబర్ 2019. యూనివర్సిటీ చెప్పిన తేదీయే సరైనది.
>
> చివరి సెమిస్టర్ పరీక్షలు 2019 మేలో రాశాను. అందులో ఒక సబ్జెక్టు తప్పాను. దాన్ని 2019 నవంబర్ సప్లిమెంటరీలో పాసయ్యాను. ఫామ్‌లో రెగ్యులర్ పరీక్షలు ముగిసిన నెల రాశాను. చివరి సబ్జెక్టు పాసైన నెల రాయాల్సింది.
>
> 2019 ఆగస్టులో నేను మొదటి ఉద్యోగంలో చేరే నాటికి ఈ ఒక్క సబ్జెక్టు పాస్ కావాల్సి ఉంది.
>
> చివరి సెమిస్టర్ మెమో, సప్లిమెంటరీ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ జతచేశాను. నా రికార్డులో తేదీని నవంబర్ 2019గా సవరించగలరు. సవరించిన ఫామ్ మళ్లీ సంతకం చేసి ఇవ్వాలంటే ఇస్తాను.
>
> ఇట్లు,
> (పేరు, ఫోన్ నంబరు)

హెచ్‌ఆర్ ఇంగ్లిష్‌లో రాస్తే మీరూ ఇంగ్లిష్‌లోనే రాయండి. భాష ఏదైనా వరుస ఇదే ఉండాలి.

ఈ వరుస ఎందుకు?

మొదటి మూడు వాక్యాల్లోనే మొత్తం విషయం తేలిపోయింది: నేను రాసింది ఇది, వాళ్లు చెప్పింది ఇది, వీటిలో సరైనది ఇది. చదివే మనిషి అక్కడితో ఆపేసినా కేసు అర్థమవుతుంది. చాలామంది ఈ మూడో వాక్యం రాయరు. కారణాలు చెప్పుకుంటూ పోతారు, చివరికి ఏ తేదీ నమ్మాలో చదివేవాళ్లే ఊహించుకోవాలి. మీ మెయిల్‌లో ఈ వాక్యం ఉందో లేదో పంపే ముందు ఒకసారి చూసుకోండి.

"నేను రాశాను", "తప్పాను" అన్న క్రియలు చూడండి. "తేదీ అలా పడిపోయింది", "పొరపాటు జరిగిపోయింది" అని రాస్తే ఎవరు చేశారో తెలియదు, తప్పించుకుంటున్నట్టు ఉంటుంది. "నేను" అన్న మాట రాయడానికి చెయ్యి వెనకాడుతుంది, కానీ వివరణకు బలం దాంట్లోనే ఉంది.

ఆగస్టు ఉద్యోగం గురించిన వాక్యం పెట్టాలా వద్దా అని సందేహం వస్తుంది. అడగనిది ఎందుకు చెప్పాలి? నా అభిప్రాయం ఇది: రెండు తేదీలూ అదే ఫామ్‌లో ఉంటే చెప్పడమే మంచిది. వాళ్లే లెక్కవేసి రెండో మెయిల్ పంపితే, మొదటి జవాబులో మీరు దాన్ని దాటేసినట్టు అనిపిస్తుంది. ఒక్క వాక్యం చాలు. "అప్పటి కంపెనీకి ఈ సంగతి తెలుసు" అని మాత్రం, దానికి మెయిలో ఆఫర్ లెటర్‌లో షరతో మీ దగ్గర లేకపోతే రాయకండి. ఎందుకంటే పాత కంపెనీని కూడా వీళ్లు అడుగుతారు.

పత్రాలు మూడే ఉన్నాయి. పది పెడితే ఏది చూడాలో తెలియదు. ప్రతి వాక్యానికీ దాన్ని రుజువు చేసే పత్రం ఒకటి ఉంటే సరిపోతుంది. ఫైల్ పేరు చూడగానే లోపలేముందో తెలియాలి. స్కాన్‌లో తేదీ, హాల్‌టికెట్ నంబరు చదవగలిగేలా ఉన్నాయా అని తెరిచి చూసి మరీ పంపండి. కాగితం మీద పెన్నుతో గీతలు, బాణాలు గీయకండి. పత్రంలో ఏదో మార్చారన్న అనుమానం రావచ్చు.

ఇక "కావాలని చేయలేదు" అనే మాట. నిజమైతే ఒక్కసారి, వాస్తవాలన్నీ చెప్పాక చివర్లో రాయవచ్చు. పైన ఉన్న జవాబులో లేకపోయినా లోటేమీ కనిపించదు. రెండుసార్లు రాస్తే మాత్రం అదే వినిపిస్తుంది, మిగతావి వెనక్కి పోతాయి.

తెలిసే రాసి ఉంటే?

బ్యాక్‌లాగ్ సంగతి కనిపించకూడదనే మే అని రాశారనుకోండి. అప్పుడు "అర్థం కాక రాశాను" అని చెప్పాలనిపిస్తుంది. వద్దు. తేదీ తేడా ఒక సమస్య, అబద్ధపు వివరణ రెండోది. రెండోది మీ సంతకంతో, ఈ రోజు తేదీతో ఫైల్‌లో ఉండిపోతుంది. ఇంత మాత్రం రాయండి: "ఫామ్ నింపేటప్పుడు సప్లిమెంటరీలో పాసైన నెల నాకు తెలుసు. అదే రాయాల్సింది, రాయలేదు. సరైన తేదీ నవంబర్ 2019." ఇలా రాస్తే ఆఫర్ నిలుస్తుందని నేను చెప్పలేను. కొన్ని కంపెనీలు డిక్లరేషన్‌లో తెలిసి రాసిన తప్పును ఒప్పుకోవు. కానీ నిలబడే దారి అంటూ ఉంటే అది ఇదే.

జవాబు పంపే ముందు ఆఫర్ లెటర్, ఉద్యోగ ప్రకటన మళ్లీ చదవండి. ఫలానా తేదీకి డిగ్రీ పూర్తయి ఉండాలనో, డిగ్రీ తర్వాతి అనుభవం ఇన్నేళ్లు ఉండాలనో షరతు ఉండవచ్చు. కొత్త తేదీతో లెక్కవేసినా మీరు ఆ షరతులో సరిపోతే ఒక వాక్యంలో చెప్పండి: "సవరించిన తేదీ ప్రకారం కూడా ఆఫర్‌లోని అనుభవం షరతుకు నేను సరిపోతాను." సరిపోకపోతే వివరణ రాసి తేల్చే విషయం కాదది. తేదీ నిజంగా చెప్పి, నిర్ణయం వాళ్లకు వదిలేయాలి.

అన్ని చోట్లా ఒకే తేదీ

ఇదే తేదీ ఇంకెక్కడెక్కడ రాశారో వెతకండి: రెజ్యూమె, ఆన్‌లైన్ ప్రొఫైల్, దరఖాస్తు, జాయినింగ్ ఫామ్. హెచ్‌ఆర్ దగ్గర వీటిలో రెండు మూడు ఉంటాయి. వాటిలో కూడా మే 2019 ఉంటే జవాబులో "రెజ్యూమెలోనూ ఇదే తేదీ రాశాను, అక్కడా సవరిస్తాను" అని కలపండి. చెప్పకుండా నిశ్శబ్దంగా ప్రొఫైల్ మార్చేస్తే, పాత స్క్రీన్‌షాట్ వాళ్ల రిపోర్టులో ఉన్నప్పుడు అది దాచే ప్రయత్నంలా కనిపిస్తుంది. వరుస ముఖ్యం: ముందు చెప్పండి, తర్వాత మార్చండి.

ఈ తొందరలో కాలేజీకి ఫోన్ చేసి పాత తేదీతో ఏదైనా లెటర్ ఇప్పించమని అడగకండి. కాలేజీ ఇచ్చినా యూనివర్సిటీ రిజిస్టర్ మారదు. అప్పుడు రెండు పత్రాలు ఒకదాన్నొకటి కాదంటాయి. ఏజెన్సీకి నేరుగా ఫోన్ చేసి వాదించడం కూడా వృథా. మీ వాదన విని వాళ్లు రిపోర్టు మార్చలేరు. కొత్త పత్రం వస్తేనే మళ్లీ చూస్తారు, అది కూడా ఎక్కువగా కంపెనీ పంపితేనే.

తప్పు యూనివర్సిటీదే అయితే

మీ మెమోలన్నీ ఒకే తేదీ చెబుతున్నాయి, ధృవీకరణ లేఖ మాత్రం వేరేది చెబుతోంది. అప్పుడు కూడా "యూనివర్సిటీ తప్పు చేసింది" అని మొదలుపెట్టకండి. రెండూ పక్కపక్కన పెట్టండి:

> నా దగ్గరున్న కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్ రెండింటిలోనూ పాసైన నెల మే 2019 అని ఉంది. ధృవీకరణలో వచ్చిన తేదీ మే 2020. ఈ రెండు పత్రాలతో యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచ్‌కు ఈ రోజు రాశాను, ఆ మెయిల్ జతచేశాను. వాళ్ల జవాబు రాగానే పంపుతాను. ఈలోగా ధృవీకరణ మరోసారి అడగగలరా?

నిజంగానే ఎగ్జామ్ బ్రాంచ్‌కు రాసి, ఆ తర్వాతే ఈ మెయిల్ పంపండి. హాల్‌టికెట్ నంబరు, కోర్సు, పత్రాల సీరియల్ నంబర్లు అందులో ఇవ్వండి. సవరణ లేఖ కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ కార్యాలయం పేరుతో, వాళ్ల అధికారిక ఈమెయిల్ నుంచి వస్తే ఏజెన్సీ ఒప్పుకునే అవకాశం ఎక్కువ. మీ చేతికి ఇచ్చిన కాగితం కంటే నేరుగా ఏజెన్సీకి వెళ్లిన కాగితానికే విలువ ఉంటుంది. ఆలస్యం అవుతుంటే మూడు నాలుగు రోజులకోసారి హెచ్‌ఆర్‌కు ఒక లైన్ రాయండి, కొత్త సంగతి లేకపోయినా సరే.

పంపాక

ఫోన్ వస్తే, మెయిల్‌లో రాసిందే చెప్పండి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. కాల్ అయ్యాక "ఇప్పుడు మాట్లాడినట్టు, సరైన తేదీ నవంబర్ 2019, సవరించిన ఫామ్ రేపు పంపుతాను" అని ఒక మెయిల్ పెట్టండి. నోటిమాట ఫైల్‌లోకి వెళ్లదు.

రెండు మూడు పనిరోజులు ఏ జవాబూ రాకపోతే ఒకసారి అడగవచ్చు: "ఇంకేమైనా పత్రం కావాలా?" అని. "నా ఉద్యోగం ఏమైంది?" అని కాదు. మొదటి ప్రశ్నకు వాళ్లు వెంటనే జవాబు ఇవ్వగలరు, రెండోది వాళ్ల చేతిలో లేకపోవచ్చు. ఒకవేళ ఈలోగా పాత ఉద్యోగంలో రాజీనామా ఇవ్వాల్సిన సమయం వస్తే, వెరిఫికేషన్ ముగిసిందని రాతపూర్వకంగా వచ్చేదాకా ఆగగలరేమో చూడండి.

కేసు ముగిసిందని వచ్చిన మెయిల్‌ను, మీరు పంపిన వివరణను, మూడు పత్రాలనూ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. తర్వాతి కంపెనీ ఫామ్‌లో నవంబర్ 2019 అనే రాయండి, గడి పక్కన వివరణ రాసే చోటు ఉంటే "సప్లిమెంటరీలో పాసైన నెల" అని కూడా చేర్చండి.